పిల్లల ముఖం ఎలా కడగాలి? ట్రకోమా కంటిని ఎలా తీస్తుంది?

టెక్కలి దగ్గర మా ఊళ్లో అమ్మమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ ఓ చిన్న శ్రావణం ఉండేది. "కంట్లో వెంట్రుకలు గుచ్చుతున్నాయే, పీకు" అని నన్ను పిలిచేది. పీకితే కొన్నాళ్లు హాయి. మళ్లీ మొలిచేవి, ఈసారి పొట్టిగా, గరుగ్గా. డాక్టరు రెప్ప తిరగేసి చూశాకే తెలిసింది, అది చిన్నప్పుడు వచ్చిన ట్రకోమా మిగిల్చిన మచ్చ అని.

ఈ జబ్బు ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఒకసారి సోకితే చూపు పోదు. పసితనంలో పదేపదే సోకితే పై రెప్ప లోపలి పొర మీద మచ్చలు కడతాయి. ఆ మచ్చ ఏళ్ల తరబడి ముడుచుకుంటూ రెప్ప అంచును లోపలికి లాగేస్తుంది. ఇక రెప్ప వేసినప్పుడల్లా వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతూ ఉంటాయి, చివరికి అది తెల్లబడిపోతుంది. ప్రజారోగ్య సమస్యగా భారత్‌లో ట్రకోమా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో గుర్తించింది. కానీ పాత మచ్చలు పెద్దవాళ్ల కళ్లలో ఇంకా ఉన్నాయి.

బ్యాక్టీరియా ఉండేది పుసిలో, చీమిడిలో. అక్కడి నుంచి చేతివేళ్లకూ, తువ్వాలుకూ, ఈగల కాళ్లకూ అంటుకుంటుంది. ముగ్గురు పిల్లల కళ్లూ ఒకే కొంగుతో తుడిచే అలవాటు మన ఇళ్లలో ఉంది. అమ్మ ప్రేమగా తుడిచినా, ఒకరి పుసి ఇంకొకరి కంటికి చేరేది ఆ కొంగుతోనే.

పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలా కడగండి:

1. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. బేసిన్‌లో నీళ్లు పోసి అందరూ అందులోనే ముంచుకోవద్దు. చెంబుతో సన్నని ధారగా పోయండి. ఎండాకాలం బోరు ఎండినా ఒక చెంబు ఇద్దరు పిల్లలకు సరిపోతుంది.
3. ముక్కు వైపున్న కంటి మూలల్లోనూ, ముక్కు కిందా ఎండిన పుసి, చీమిడి నానేదాకా తడిపి తీయండి.
4. ఎవరి గుడ్డతో వాళ్లకే తుడవండి, లేదంటే గాలికి ఆరనివ్వండి.

వెలుతురులో చూస్తే కంటి మూలలోనూ, ముక్కు కిందా ఏమీ అంటుకుని ఉండకూడదు. మధ్యాహ్నానికి మళ్లీ పుసి కడితే మళ్లీ కడగాలి. అయితే కడగడం వ్యాప్తిని ఆపడానికే, సోకిన జబ్బును నయం చేయడానికి కాదు. ఎరుపు, పుసి తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించాలి. ట్రకోమా అయితే అజిత్రోమైసిన్ మందును బరువును బట్టి ఒకే మోతాదుగా ఇస్తారు.

ఇక ఈగల సంగతి. కళ్ల మీద వాలే ఈగ ఆరుబయట పడివున్న మనిషి మలంలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. అందుకే చెరువు గట్టుకు వెళ్లడం మానేసి మరుగుదొడ్డి వాడితే కళ్లకు కూడా మేలు.

ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, టార్చి పక్క నుంచి వేసి, ఎదురుగా చూడమనండి. ఒక్క వెంట్రుక గుడ్డుకు తగిలినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. రెప్పకు మాత్రమే మత్తిచ్చి, దాని అంచును బయటికి తిప్పే చిన్న ఆపరేషన్ ఉంది. అమ్మమ్మకు రెండు కళ్లకూ చేశారు. గుచ్చుకోవడం ఆగింది. అప్పటికే తెల్లబడిన ఎడమ కంటికి మాత్రం చూపు రాలేదు.