ప్రసూతి సెలవు ముగిశాక తిరిగి చేరడం: జాయినింగ్ లెటర్ ఎందుకు, 60 రోజుల లెక్క ఎక్కడి నుంచి

కార్మిక శాఖ ఆఫీసు దగ్గర ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "సెలవు అయ్యాక వెళ్లాను, హెచ్ఆర్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తామన్నారు, మూడు నెలలైంది." వెళ్లినట్టు కాగితం ఏమైనా ఉందా అంటే ఉండదు. బయట టైపింగ్ షాపు దగ్గర "కేసు నేను చూసుకుంటా" అనేవాళ్లు తగిలేది అప్పుడే. ఈ పనికి వాళ్లతో అవసరం లేదు.

2025 నవంబర్ 21 నుంచి పాత ప్రసూతి ప్రయోజన చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ముఖ్యమైన హక్కులు అలాగే ఉన్నాయి. మొదటి ఇద్దరు పిల్లల వరకు జీతంతో 26 వారాల సెలవు. దానికి డాక్టరు చెప్పిన అంచనా ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు సెలవు డబ్బు అక్కడి నుంచే వస్తుంది, వాళ్ల దారి వేరు. ఇది మిగతా ఉద్యోగినుల కోసం.

సెలవు అడగడం దగ్గర పెద్దగా ఎవరూ తడబడరు. తడబాటంతా తిరిగి చేరే రోజునే. ఒక లెక్క చూద్దాం. 2026 జనవరి 13న సెలవు మొదలైంది, మార్చి 10న బిడ్డ పుట్టింది అనుకోండి. 26 వారాలంటే 182 రోజులు. జూలై 13తో సెలవు అయిపోతుంది, 14న డ్యూటీ. ఈ తేదీని సెలవు మొదలైన రోజుతో సహా లెక్కవేసి, ముందే మీరు రాసి పంపండి. కంపెనీ చెబుతుందని ఎదురుచూడొద్దు.

జూలై మొదటి వారంలోనే జాయినింగ్ లెటర్ ఈమెయిల్ చేసి, అదే కాపీ స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. అందులో సెలవు తేదీలు, చేరే తేదీ, బిడ్డ పుట్టిన తేదీ ఉండాలి. మరో రెండు వాక్యాలు కూడా అందులోనే కలపండి. బిడ్డకు 15 నెలలు నిండేవరకు, అంటే 2027 జూన్ 10 వరకు, రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం కావాలని ఒకటి. ఇది మామూలు విశ్రాంతి సమయానికి అదనం, భోజన విరామంలో కలిపేయడానికి లేదు. సంస్థలో 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులుంటే, పనివేళల్లో పిల్లలను చూసుకునే క్రెష్ ఎక్కడుందో చెప్పమని రెండోది. క్రెష్‌కు రోజుకు నాలుగుసార్లు వెళ్లవచ్చు, ఈ నాలుగింటిలో మాత్రం మీ విశ్రాంతి సమయం కూడా కలిసే ఉంటుంది. ఈ తేడా దగ్గరే చాలామంది హెచ్ఆర్ వాళ్లతో గొడవపడి వెనక్కి తగ్గుతారు. 50 లెక్క ఆడవాళ్ల సంఖ్య కాదు, మొత్తం ఉద్యోగులది.

14న వెళ్తే గేటు దగ్గరే ఆపారనుకోండి. బయటికి వచ్చిన వెంటనే, ఆ రోజే, "ఈరోజు ఫలానా సమయానికి వచ్చాను, ఫలానా వారు చేర్చుకోలేదు" అని మెయిల్ పెట్టండి. ఈ ఒక్క మెయిల్ లేకపోతే తర్వాత "ఆవిడే రాలేదు, ఉద్యోగం వదిలేసింది" అనే మాటకు జవాబు ఉండదు. రాజీనామా మీద సంతకం పెడితే సెటిల్‌మెంట్ త్వరగా ఇస్తామంటారు. పెట్టొద్దు. టెన్షన్‌లో పెట్టేసి ఉంటే, ఒత్తిడి చేసి పెట్టించారని అదే రోజు రాసి పంపండి.

ప్రసూతి సెలవులో ఉండగా తీసేయడం, ఆ సమయంలో ఉద్యోగ షరతులను మీకు నష్టం కలిగేలా మార్చడం చట్టవిరుద్ధం. తీసేస్తే అప్పీలుకు 60 రోజుల గడువు, ఆర్డరు మీకు అందిన రోజు నుంచి. పైన చెప్పిన లెక్కలోనే చూస్తే, సెలవులో ఉండగా జూలై 6 తేదీ వేసిన తొలగింపు లేఖ మీ మెయిల్‌కు ఆగస్టు 3న వచ్చిందనుకోండి, గడువు ఆగస్టు 3 నుంచి నడుస్తుంది. 60వ రోజు అక్టోబర్ 2. గాంధీ జయంతి, ఆఫీసులు మూసే ఉంటాయి. చివరిరోజు దాకా ఆగకుండా సెప్టెంబర్‌లోనే వేసేయండి. లెటర్ వచ్చిన మెయిల్ తేదీతో సహా కనబడేలా ప్రింట్ తీసుకోండి, కాగితం మీది తేదీ ఒక్కటే సరిపోదు.

ఫిర్యాదు షాపులు, ఆఫీసుల వాళ్లు కార్మిక శాఖ ఆఫీసులో ఇవ్వాలి, ఫ్యాక్టరీల విషయం మామూలుగా ఫ్యాక్టరీల శాఖ చూస్తుంది. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, బిడ్డ జనన ధృవపత్రం, సెలవు మంజూరు మెయిల్, జాయినింగ్ లెటర్, పోస్టు రసీదు, గేటు దగ్గరి మెయిల్ ఇదే వరుసలో పెట్టి, ఫిర్యాదు మీ దగ్గరుండే కాపీపై రిసీవ్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు వేయకపోతే అదే కాగితం అదే ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపండి.

ఒక పరిమితి మాత్రం తెలిసి ఉండాలి. చేరాక ఆరు నెలలకు వేరే టీంకు మార్చారని పైన చెప్పిన తొలగింపు, షరతుల మార్పు నియమం కింద నెగ్గడం కష్టం. ఈ రక్షణ ప్రధానంగా సెలవు కాలంలో జరిగిన వాటికే. అందుకే సెలవులో ఉండగా జీతంలోనో హోదాలోనో మార్పు కనబడిందా, అప్పుడే మెయిల్ పెట్టి కారణం అడగండి.