బాత్రూమ్ పైకప్పు మీది నల్ల బూజు

వానాకాలంలో బాత్రూమ్ పైకప్పుపై నల్లని చుక్కలు కనిపించగానే పొడి చీపురుతో దులిపితే, బూజు బీజాలు గాలిలోకి లేచి పక్క గోడకూ పాకుతాయి. అందుకు బదులు మాస్కు, కళ్లద్దాలు పెట్టుకొని, నీళ్లు కలపని తెల్ల వెనిగర్‌లో స్పాంజిని ముంచి పిండి, మచ్చలు తడిసేలా అద్ది, గంట తరువాత తుడిచి, ఆ చోటును పూర్తిగా ఆరనివ్వాలి. బ్లీచ్ ద్రవం గోడపై నలుపును పోగొట్టినా లోపలి బూజును చాలావరకు వదిలేస్తుంది; పైగా అది వెనిగర్‌తో కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది కనుక, రెండింటినీ ఒకేచోట ఎన్నడూ వాడరాదు. కిటికీ ఫ్రేము అంచున ఉండే సిలికాన్ పట్టీలో నలుపు ఎంత రుద్దినా కదలకపోతే బూజు లోపలికి దిగినట్టే; దాన్ని కోసి తీసి, గాడి ఆరాక కొత్తది వేయించాలి. శుభ్రం చేసినా మచ్చ త్వరలోనే అదే చోట తిరిగి వస్తుంటే, పైనుంచి నీరు ఊరుతున్నదేమో పరీక్షించాలి.