విప్పిన డెస్క్‌టాప్‌ను ఫొటోలో చదవడం – 3వ పాఠం: ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, స్లాట్లు

గత పాఠంలో ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యానునీ, పవర్ సప్లై డబ్బానీ గుర్తుపట్టాం. ఈసారి పాఠానికి మా మేనల్లుడు వాట్సాప్‌లో పంపిన ఫొటోనే తీసుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న టవర్ డెస్క్‌టాప్ అది. "మామయ్యా, ఇందులో ఆరు ర్యామ్ స్లాట్లున్నాయి, గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది" అని రాశాడు. రెండూ తప్పే. ఎక్కడ పొరబడ్డాడో చూద్దాం.

ముందు ఫొటోలో కంప్యూటర్ వీపు ఎటుందో తేల్చుకోవాలి. కీబోర్డు, నెట్ కేబుల్ గుచ్చే సాకెట్లు ఒకే చోట గుంపుగా ఉన్న అంచే వీపు. ఆ గుంపు పక్కనే, కార్డులు బయటికి చూసే చోట, సన్నటి ఇనుప పట్టీలు వరసగా ఉంటాయి. మావాడు ఫోన్ అడ్డంగా తిప్పి తీయడంతో వీపు ఫొటోలో పైకి వచ్చింది. అలాంటప్పుడు వీపు ఎడమకు, ప్రాసెసర్ ఫ్యాను పైభాగానికి వచ్చేలా ఫొటోని తిప్పుకోండి. మామూలు టవర్‌లో అప్పుడు ర్యామ్ స్లాట్లు ఫ్యానుకి కుడిపక్కన నిలువుగా, కార్డుల స్లాట్లు ఫ్యాను కింద అడ్డంగా కనిపిస్తాయి. ర్యామ్‌వి నిలువు, కార్డులవి అడ్డం. సగం పని ఈ ఒక్క తేడాతోనే అయిపోతుంది. మావాడు ఫొటో తిప్పకుండా, పొడుగ్గా కనిపించిన ప్రతిదాన్నీ ర్యామ్ లెక్కలో వేసేశాడు.

తిప్పి చూస్తే ఫ్యాను పక్కన నాలుగు నిలువు గాడులున్నాయి. రెండింట్లో నల్ల చిప్పులున్న పచ్చ పలకలు నిలబడి ఉన్నాయి. అవే ర్యామ్ స్టిక్కులు. ఒక్కోటి సుమారు 13 సెంటీమీటర్ల పొడవుంటుంది. కొన్నిటికి పైన రేకు తొడుగు ఉంటుంది కాబట్టి చిప్పులు కనబడకపోయినా కంగారు పడొద్దు, కొసన ఉన్న క్లిప్పుని చూడండి. చాలా బోర్డుల్లో రెండు కొసలకీ క్లిప్పులుంటాయి, కొన్నిట్లో ఒక కొసకే. స్టిక్ పెట్టని స్లాట్‌లో గాడిని రెండుగా విడదీసే చిన్న అడ్డు దాదాపు మధ్యలో ఉంటుంది.

కింద అడ్డంగా ఉన్న స్లాట్లు మూడు. వాటిలో ఖాళీగా ఉన్నవి రెండు. పొడవైన రెండింటినే వాడు ర్యామ్ స్లాట్లలో కలిపి ఆరు చేశాడు. ఇవి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు. పొడవైనది సుమారు 9 సెంటీమీటర్లు, అంటే ర్యామ్ స్లాట్ కన్నా బాగా పొట్టి. దీనిలో అడ్డు మధ్యలో ఉండదు, వీపు వైపు కొసకి దగ్గరగా ఉంటుంది. క్లిప్పు ఉంటే వీపుకి దూరంగా ఉన్న కొసకి ఒక్కటే. ఖాళీ స్లాట్ చూసి తేల్చుకోవడానికి ఈ అడ్డు ఎక్కడుందన్నదే నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు. రంగుని నమ్మకండి, ఆ రంగులు బోర్డు చేసేవాళ్ల ఇష్టం.

మూడో స్లాట్ బాగా చిన్నది, సుమారు రెండున్నర సెంటీమీటర్లే. దానిలో వేలెడు కార్డు ఒకటి కూర్చుని ఉంది. మావాడు గ్రాఫిక్స్ కార్డు అనుకున్నది దీన్నే. దాని వీపు పట్టీ దగ్గర ఫొటోని పెద్దది చేసి చూస్తే ఒకే ఒక చదరపు సాకెట్, నెట్ కేబుల్ పట్టేది. అంటే అది లాన్ కార్డు. గ్రాఫిక్స్ కార్డయితే ఆ పట్టీకి మానిటర్ కేబుల్ సాకెట్లుండాలి. అది పొడవైన స్లాట్‌లో కూర్చుంటుంది, సాధారణంగా దానిమీద ఫ్యానో, రేకులో ఉంటాయి. పెద్దవైతే రెండు పట్టీల స్థలం ఆక్రమించి, పైన పవర్ కేబుల్ కూడా తగిలించుకుంటాయి. పట్టీ ఫొటోలో పడకపోతే వెనకనుంచి ఇంకో ఫొటో అడగండి, ఊహించకండి.

మరి మావాడి మానిటర్ ఎలా వెలుగుతోంది? వెనక ఫొటో తెప్పించాను. కేబుల్ నేరుగా మదర్‌బోర్డు సాకెట్ల గుంపులోనే గుచ్చి ఉంది. తెరమీది బొమ్మ, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ నుంచి వస్తోందన్నమాట.

ఒక చోట మాత్రం ఫొటో చాలదు. పొడవైన స్లాట్లన్నీ లోపల ఒకేలా ఉండవు. కొన్నిటికి పొడవు పూర్తిగా ఉన్నా తీగలు నాలుగు లేన్లకే, అంటే డేటా నడిచే నాలుగు దారులకే, కలిపి ఉంటాయి. దగ్గరినుంచి, మంచి వెలుతురులో తీస్తే గాడిలోని లోహపు పళ్లు సగంలోనే ఆగిపోవడం కొన్ని బోర్డుల్లో కనిపిస్తుంది. కనిపించకపోతే బోర్డు మోడల్ నంబరు చూసి మాన్యువల్ తెరవాల్సిందే. గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకుంటే ముందు ఫ్యానుకి దగ్గరగా ఉన్న పొడవైన స్లాట్‌నే లెక్కలోకి తీసుకోమన్నాను, ఎక్కువ బోర్డుల్లో పూర్తి లేన్లు దానికే ఇస్తారు.

అన్నట్టు, బోర్డుకి అతుక్కుని పడుకున్న చూయింగ్ గమ్ లాంటి పలక ఒకటి కూడా ఫొటోలో ఉంది. ఒక కొసన చిన్న స్క్రూ. ర్యామ్ అనుకునేరు. మామూలు టవర్ బోర్డు మీద ర్యామ్ అలా పడుకోదు, అది ఎం.2 ఎస్ఎస్‌డీ. దాని సంగతి 4వ పాఠంలో.