రిజల్ట్స్ సీజన్‌లో డ్రిఫ్ట్‌ను నమ్ముకుని దిగే ముందు

సెప్టెంబరు క్వార్టర్ ఫలితాలు అక్టోబరు రెండో వారంలో ఊపందుకుని, గడువైన నవంబరు 14 దాకా వస్తూనే ఉంటాయి. లాభం అనుకున్నదానికంటే బాగా వచ్చిన షేరు ఆ రోజు ఎగిరి ఊరుకోదు, తర్వాత వారాల తరబడి మెల్లగా అటే జరుగుతుంది అనేదే డ్రిఫ్ట్. 1968లో బాల్, బ్రౌన్ అనే పరిశోధకులు దీన్ని గమనించారు, 1989లో బెర్నార్డ్, థామస్ లోతుగా తవ్వారు. అదంతా అమెరికా షేర్ల లెక్క. మన ఎన్‌ఎస్‌ఈ షేర్లలో ఉందో లేదో మనమే చూసుకోవాలి.

చాలామంది బోల్తా పడేది సున్నా రోజు దగ్గరే, అంటే ఫలితం తెలిశాక షేరు ధర మొదటిసారి స్పందించే ట్రేడింగ్ రోజును గుర్తించడంలోనే. ఊహకి ఒక కంపెనీ తీసుకుందాం. గురువారం షేరు 500 దగ్గర ముగిసింది, ఫలితం సాయంత్రం 5:40కి వచ్చింది. శుక్రవారం 530 దగ్గర తెరుచుకుని 535 దగ్గర ముగిసింది. ఆ తర్వాత 40 ట్రేడింగ్ రోజులకు 548. మీ డేటాలో తేదీ మాత్రమే ఉండి టైమ్ లేకపోతే, గురువారమే సున్నా రోజు అయిపోతుంది. ఆ రోజు ముగింపు ధరకి కొన్నట్టు లెక్కేస్తే 9.6 శాతం లాభం కనిపిస్తుంది. కానీ ఆ ధరకి కొనే వీలు ఎవరికీ లేదు, అప్పటికి ఫలితమే రాలేదు. శుక్రవారం ముగింపులో కొంటే వచ్చేది 2.4 శాతం. ఈలోగా నిఫ్టీ 500 సూచీ 1.5 శాతం పెరిగిందనుకుంటే షేరు సొంతంగా ఇచ్చింది 0.9. కొన్నప్పుడు 0.1, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను తీసేస్తే 0.7. చిన్న షేరైతే కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఉన్న తేడాయే దాన్ని మింగేస్తుంది.

తప్పు పట్టుకోవడం తేలికే. అన్ని ఫలితాల ముందూ తర్వాతా షేర్లు ఎంత కదిలాయో, ఆ సగటును రోజువారీగా గ్రాఫ్ గీయండి. పెద్ద ఎగురు +1 రోజున కనిపిస్తే తేదీలు ఒక రోజు వెనక్కి ఉన్నట్టే. ఎక్స్ఛేంజ్‌కి ఫైల్ చేసిన టైమ్ తీసుకుని, 3:30 దాటితే తర్వాతి ట్రేడింగ్ రోజును సున్నా చేయండి. ఎగురుకి [-1, 0], డ్రిఫ్ట్‌కి [+1, +40] అని విండోలు వేరుగా పెట్టండి. 60 దాకా లాగితే వచ్చే క్వార్టర్ ఫలితం లోపలికి దూరి లెక్క కలగాపులగం అవుతుంది.

నిరుటి ఇదే క్వార్టర్ ఈపీఎస్‌తో, అంటే ఒక్కో షేరుకి వచ్చిన లాభంతో పోల్చి 'అనుకున్నదానికంటే బాగా' అని తేలుస్తుంటే బోనస్‌లు సరిచేశారో లేదో చూడండి. మధ్యలో 1:1 బోనస్ ఇచ్చిన కంపెనీ ఈపీఎస్ సగానికి పడిపోయి, మంచి ఫలితం కూడా ఘోరంగా కనిపిస్తుంది. నేనొకసారి అలాంటి షేర్లన్నీ పడతాయని షార్ట్ చేయాల్సిన లిస్టులో పెట్టుకుని మురిసిపోయాను.

ఇక 300 ఫలితాలు పరీక్షించామని ధీమా వద్దు. గడువుకి ముందు వారంలో అవన్నీ కట్టకట్టుకుని వస్తాయి, ఆ వారం మార్కెట్ పడితే అన్నీ కలిసే పడతాయి. అందుకే ఒక్కో క్వార్టర్‌కి ఒకే సగటు తీయండి. అయిదేళ్లకి మీ చేతిలో ఉండేవి 20 అంకెలే. వాటిలో ఎన్ని ఖర్చులు పోను సున్నాకి పైన ఉన్నాయో లెక్కపెట్టండి.