టీవీ పిక్చర్ సరిచేసుకుందాం - 3వ పాఠం: ముందు ఓవర్‌స్కాన్, తర్వాతే షార్ప్‌నెస్

పోయిన పాఠం చదివి, గీతల అంచులకి పదును పెట్టే షార్ప్‌నెస్ సెట్టింగుని సున్నాకి దించేసినవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరికి బొమ్మ మసకబారింది. ఇంకొందరికి ఎంత దించినా గీతలు తేటగా రాలేదు. ఈ రెండో బాధకి కారణం షార్ప్‌నెస్ కాదు, ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మ అంచులు కత్తిరించి మిగిలినదాన్ని తెర నిండా సాగదీయడం. కాబట్టి ముందు ఓవర్‌స్కాన్, తర్వాత షార్ప్‌నెస్, చివర్లో కాంట్రాస్ట్ చూద్దాం.

టీవీని సరిచూసుకోవడానికి తెరమీద పెట్టే బొమ్మే టెస్ట్ ప్యాటర్న్. దాని అంచుల్లో బాణం గుర్తులు ఉంటాయి. వాటి మొనలు స్క్రీన్ నాలుగు అంచులకీ సరిగ్గా తాకాలి. మొనలు తెగిపోయాయంటే టీవీ బొమ్మ అంచులు కత్తిరించి, మిగిలినదాన్ని సాగదీస్తోందన్నమాట. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో అంచులు సరిగా ఉండేవి కావు కాబట్టి ఆ కత్తిరింపు అవసరమైంది. ఇప్పటి ప్యానెల్‌కి దాంతో పనే లేదు, అయినా చాలా టీవీలు ఆ అలవాటు మానలేదు.

లెక్క చూడండి. 1920 పిక్సెళ్ల వెడల్పులో 5 శాతం పోతే మిగిలేవి 1824. వాటిని మళ్లీ 1920కి సాగదీస్తే ఒక పిక్సెల్ గీత ఒక పిక్సెల్‌లో ఇమడదు, పక్కదానిలోకి కొంత జారుతుంది. ఒక నలుపు, ఒక తెలుపు చొప్పున ఉండే సన్నని గళ్ల ప్యాటర్న్ పెడితే ఇంచుమించు ప్రతి 20 పిక్సెళ్లకీ గళ్లు తేలుతూ, బూడిదరంగులో కలిసిపోతూ అలల్లా కనిపిస్తాయి. షార్ప్‌నెస్ ఎంత తిప్పినా ఆ అలలు పోవు. మెనూలో పిక్చర్ సైజు దగ్గర Just Scan, Screen Fit, Full Pixel లాంటి పేరుంటే అది పెట్టండి. అలలు పోయి తెరంతా ఒకే తీరుగా కనబడాలి. 4కె టీవీకి 3840×2160 ప్యాటర్నే వాడండి.

ఇప్పుడు షార్ప్‌నెస్. బూడిదరంగు నేపథ్యం మీద నల్ల గీత ఉన్న ప్యాటర్న్ పెట్టి, బాగా పెంచండి. గీత పక్కన తెల్లని అంచు పుడుతుంది. అది మాయమయ్యేదాకా మెల్లగా దించి, అక్కడే ఆగండి. సున్నా దాకా వెళ్లాలని నియమం లేదు! కొన్ని టీవీల్లో సున్నాయే సరైన చోటు. కొన్నింట్లో మధ్య అంకె సరైనది, అంతకన్నా దించితే టీవీయే బొమ్మని మసకబారుస్తుంది. ఎవరో చెప్పిన అంకెని పట్టుకుని నన్ను అడగొద్దు, గీతని చూడండి.

కాంట్రాస్ట్ సులువు. వీడియో సిగ్నల్‌లో తెలుపు స్థాయి 235. దానికి కాస్త తక్కువగా, 230 నుంచి 234 దాకా ఉండే పట్టీలున్న ప్యాటర్న్ తెరిచి, ఆ పట్టీలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా కనబడే అత్యధిక కాంట్రాస్ట్ అంకె పెట్టండి. తెలుపులో గులాబీయో పసుపో తొంగిచూస్తే ఇంకాస్త దించండి. నేనైతే Movie మోడ్‌లోనే మొదలుపెడతాను, Dynamic జోలికి పోను.

అభ్యాసం: మీరు వాడే ప్రతి HDMI పోర్టులోనూ ఇదంతా మళ్లీ చేయండి. చాలా టీవీలు ఈ సెట్టింగులని పోర్టుకో తీరుగా దాచుకుంటాయి. పెన్‌డ్రైవ్‌లో ఫొటోగా తెరిచిన ప్యాటర్న్‌తో మాత్రం పోర్టు సెట్టింగు తేల్చకండి, ఫొటోలకి టీవీ వేరే సెట్టింగు వాడవచ్చు.