వెనక నుంచి తీసిన ఫొటో చూసి కుట్టిన కుండ మెడ: భుజాలు జారకుండా ఏం చేశానంటే

ఫొటోలో వీపుకి అతుక్కున్న జాకెట్టు వెనక మెడ, మనం కుట్టాక అంచు లేచి, భుజం జారుతుంది. డోరీ బిగించడం, కాన్వాస్ వేయడం, భుజం దగ్గర టాకా వేయడం, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు లోతు. ఫొటోలో భుజం పైఅంచు నుంచి జాకెట్టు కింది అంచు వరకు స్కేలుతో కొలిస్తే 8 సెం.మీ., మెడ లోతు 5.4. కొలత జాకెట్టు వెనక పొడవు 14 అంగుళాలు కాబట్టి లోతు దాదాపు 9.5 అంగుళాలు. వెడల్పు మాత్రం ఫొటోని నమ్మి తీసుకోకూడదు, వీపు గుండ్రం కాబట్టి పక్కలు కుదించుకుపోయి కనిపిస్తాయి. మడతపెట్టిన పేపర్ మీద భుజం దగ్గర మెడ సగం వెడల్పు 2.75 అంగుళాలు పెట్టి, కిందకి వచ్చాకే కుండలా వెడల్పు చేశాను.

అసలు కిటుకు తర్వాతిది. పేపర్ మీద మెడ అంచు మధ్యలో పావు అంగుళం చిటికె మడత వేసి, చంక వైపు వెళ్లేసరికి సున్నా అయ్యేలా తగ్గించి, అంటించి, ఆ పేపర్‌తోనే బట్ట, లైనింగ్ కోశాను. ఏటవాలు అంచు సాగే ఆ కాస్తా అక్కడే పోయింది. డోరీ భుజం నుంచి 2.5 అంగుళాల కింద.

నిటారుగా నిలబడ్డ ఫొటోకే ఈ లెక్క. పక్కకి తిరిగినా, కొంగు అడ్డొచ్చినా లోతు తప్పుతుంది. బాగా వంగిన వీపుకి చిటికె ఎంత వేయాలో ట్రయల్ చూసే చెప్పాలి.