రెండుసార్లు గడువు తప్పిన కొనుగోలుదారుకు రాయవలసిన లేఖ

జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో చిన్న తయారీ యూనిట్ నడుపుతున్నవారు, సరుకు తీసుకున్న కొనుగోలుదారు రెండుసార్లు చెప్పిన తేదీకి డబ్బు చెల్లించకపోతే, మళ్లీ ఫోను చేయకుండా ఈమెయిల్ రాయడం మేలు. ఫోనులో దొరికేది మరో "వచ్చే వారం" మాత్రమే.

"మా బిల్లు నంబరు 214 కింద రావలసిన 84,000 రూపాయలను మే 10న, ఆ తరువాత మే 24న చెల్లిస్తామని మీరు తెలియజేశారు. ఇంతవరకు ఆ మొత్తం మా ఖాతాకు చేరలేదు. దయచేసి జూన్ 5 లోగా చెల్లించి, యూటీఆర్ నంబరు పంపగలరు. సరుకు విషయంలో అభ్యంతరం ఏదైనా ఉంటే అదే తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు."

యూటీఆర్ అడగడం వల్ల, "పంపేశాం" అన్న మాటను బ్యాంకులో సరిచూసుకునే వీలుంటుంది. అభ్యంతరం గురించిన వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి, ఎందుకంటే నాణ్యత బాగాలేదన్న మాట చాలాసార్లు డబ్బు గట్టిగా అడిగాకే పుడుతుంది. కొనుగోలుదారు సంతకం ఉన్న డెలివరీ చలానా జతచేయండి.

సరఫరాకు ముందే ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ యూనిట్లు మరో వాక్యం చేర్చవచ్చు: 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏమి రాసుకున్నా గడువు 45 రోజులు దాటకూడదు, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ వర్తిస్తుంది.